అరువు బిల్లు ఒకటే, పద్దులు రెండు: స్టాకు ఖాతా క్రెడిట్‌లోకి ఎందుకు పోయింది?

బందరు రోడ్డు

అందరికీ నమస్కారం. విజయవాడలో ఫ్యాన్లు, స్విచ్చులు టోకుగా అమ్మే దుకాణంలో లెక్కలు రాస్తున్నాను. మొన్నటిదాకా ట్యాలీ వాడేవాళ్లం. ఈ ఏడాది ఏప్రిల్ నుంచి మా యజమాని వేరే సాఫ్ట్‌వేర్‌కు మార్చారు. కొత్తదానిలో అమ్మకపు బిల్లు ఒకటి వేస్తే పద్దులు రెండు పడుతున్నాయి. నా సందేహం ఆ రెండో పద్దు గురించే.

ఒక మోడల్ సీలింగ్ ఫ్యాను ఈ నెలలోనే కొత్తగా తెప్పించాము కాబట్టి దాన్నే ఉదాహరణగా పెడుతున్నాను. పాత నిల్వ ఏమీ లేదు. మొదటి విడతలో 30 ఫ్యాన్లు, ఒక్కొక్కటి రూ.1,550. రెండో విడతలో 50 ఫ్యాన్లు, ఒక్కొక్కటి రూ.1,630. ఇవి జీఎస్టీ కలపని ధరలు. మొత్తం 80 ఫ్యాన్లు, కొనుగోలు విలువ రూ.1,28,000. వీటిలో 40 ఫ్యాన్లు గుంటూరు పార్టీకి ఒక్కొక్కటి రూ.2,000 చొప్పున, 30 రోజుల గడువుతో అరువుకు ఇచ్చాము. 18 శాతం జీఎస్టీతో బిల్లు రూ.94,400. సాఫ్ట్‌వేర్ రాసిన పద్దులు ఇవి:

గుంటూరు పార్టీ ఖాతా డెబిట్ 94,400
— అమ్మకాల ఖాతాకు 80,000
— సీజీఎస్టీ చెల్లించవలసిన ఖాతాకు 7,200
— ఎస్‌జీఎస్టీ చెల్లించవలసిన ఖాతాకు 7,200

అమ్మిన సరుకు ఖరీదు ఖాతా డెబిట్ 64,000
— స్టాకు ఖాతాకు 64,000

మొదటి పద్దుతో ఇబ్బంది లేదు. రెండోది పడ్డాక లాభనష్టాల ఖాతా చూస్తే అమ్మకాలు 80,000, కొనుగోళ్లు 1,28,000, అమ్మిన సరుకు ఖరీదు 64,000, నష్టం 1,12,000 అని ఉంది. స్టాకు ఖాతా రూ.64,000 క్రెడిట్ నిల్వ చూపుతోంది. గోదాములో మాత్రం 40 ఫ్యాన్లు కళ్లెదుటే ఉన్నాయి. "ఫ్యానుకు నాలుగు వందలు మిగులుతుంటే లక్ష నష్టం ఎక్కడిది?" అని యజమాని అడుగుతున్నారు. సాఫ్ట్‌వేర్ అమర్చిన అబ్బాయి రెండో పద్దు రాకుండా ఆపేస్తానంటున్నాడు. ఆపించవచ్చా?

గుమాస్తా వీధి

మీరు అరువు అమ్మకం అన్నారు కదా, అసలు చిక్కు అక్కడే ఉంది. డబ్బు చేతికి రాకముందే 80,000 అమ్మకం అని రాసుకోవడం ఎందుకు? మా నాన్నగారి కాలం నుంచి మా కొట్టులో పార్టీ డబ్బు కట్టిన రోజునే అమ్మకం రాస్తాము. అప్పటిదాకా అరువు పుస్తకంలో పేరు, మొత్తం మాత్రమే ఉంటాయి. గుంటూరు పార్టీ 30 రోజులకు కట్టకపోతే మీరు చూపిన లాభం ఏమవుతుంది? మొండి బాకీకి ఇప్పుడే కొంత పక్కన పెట్టుకోండి.

ట్యాలీ అభిమాని

ఆపించేయండి, సందేహం అక్కరలేదు. నేను ఎన్నో దుకాణాలకు లెక్కలు రాశాను. అరువు అమ్మకానికి పార్టీ డెబిట్, అమ్మకం క్రెడిట్, పన్ను క్రెడిట్. అంతటితో బిల్లు పని అయిపోయింది. అమ్మిన సరుకు ఖరీదు అని ఎవరూ విడిగా జర్నల్ వేయరు. నెలాఖరున గానీ ఏడాది చివర గానీ మిగిలిన సరుకు విలువ ముగింపు స్టాకుగా వస్తుంది. మీ లెక్కే చూడండి: అమ్మకం 80,000, ముగింపు స్టాకు 64,000, రెండూ కలిపితే 1,44,000. అందులోంచి కొనుగోళ్లు 1,28,000 తీసేస్తే 16,000 లాభం. నలభై ఫ్యాన్లకు నాలుగు వందల చొప్పున సరిగ్గా అంతే. రెండో పద్దు వల్లనే మీ లెక్క చెడింది.

ఆవర్జా

తొందరపడి ఆపించకండి. ట్యాలీ అభిమాని గారు చూపిన 16,000 సరైనదే, కానీ చెడింది రెండో పద్దు వల్ల కాదు.

మీ కొనుగోలు బిల్లు ఎలా పడిందో ఒకసారి తెరిచి చూడండి. "కొనుగోళ్ల ఖాతా డెబిట్ 1,28,000, సరఫరాదారు ఖాతాకు" అని ఉంటుందని నా అనుమానం. జీఎస్టీ వరుసలు ఎలాగూ వేరుగా ఉంటాయి. ట్యాలీలో అలవాటైన పద్ధతి అది. ఆ పద్ధతిలో కొన్న సరుకంతా ముందే ఖర్చుగా లాభనష్టాల ఖాతాలోకి వెళుతుంది, అమ్ముడుపోనిది ముగింపు స్టాకు రూపంలో వెనక్కు వస్తుంది. మీ కొత్త సాఫ్ట్‌వేర్ నడిపేది రెండో పద్ధతి. అందులో కొన్న సరుకు ఖర్చు కాదు, ఆస్తి. అమ్మిన రోజున, అమ్మిన మేరకే ఆ ఆస్తి ఖర్చుగా మారుతుంది. ఆ మార్పును రాసేదే మీరు అనుమానిస్తున్న పద్దు.

ఇప్పుడు మీ పుస్తకంలో కొనుగోలు పాత పద్ధతిలో, అమ్మకం కొత్త పద్ధతిలో పడుతున్నాయి. 80 ఫ్యాన్ల ఖరీదు మొత్తం కొనుగోళ్ల ఖాతా ద్వారా ఒకసారి ఖర్చయింది. అందులో 40 ఫ్యాన్ల ఖరీదు రెండో పద్దు ద్వారా మళ్లీ ఖర్చయింది. స్టాకు ఖాతాలోకి ఏమీ రాకుండానే 64,000 బయటకు పోయింది, అందుకే క్రెడిట్ నిల్వ.

ఒక గుర్తు చెబుతాను. మీకు రావలసిన లాభం 16,000, కనిపిస్తున్నది నష్టం 1,12,000. తేడా 1,28,000. స్టాకు ఖాతాలో ఉండవలసినది 64,000 డెబిట్, ఉన్నది 64,000 క్రెడిట్. అక్కడా తేడా 1,28,000. రెండు చోట్లా ఒకటే అంకె, అదీ సరిగ్గా మీ కొనుగోలు మొత్తం. ఇలా కలిసిందంటే కారణం ఇంకెక్కడా వెతకనక్కరలేదు. సరిదిద్దే పద్దు ఇది:

స్టాకు ఖాతా డెబిట్ 1,28,000
— కొనుగోళ్ల ఖాతాకు 1,28,000

ఇది ఇప్పటిదాకా పడినదాన్ని సరిచేస్తుంది. ఇకపై సరుకు కొనుగోలు బిల్లు నేరుగా స్టాకు ఖాతాను డెబిట్ చేసేలా ప్రతి వస్తువుకూ అమరిక మార్చించండి. లేకపోతే వచ్చే నెల మళ్లీ ఇదే పని. మీరు పెట్టింది ఒక మోడల్ లెక్క. ఏప్రిల్ నుంచి కొన్న మిగతా సరుకుకూ ఇదే జరిగి ఉంటుంది, అన్నీ చూడండి. ఏప్రిల్ 1 నాటి ప్రారంభ స్టాకు కూడా స్టాకు ఖాతాలోకి వచ్చిందో లేదో సరిచూడండి.

గుమాస్తా వీధి గారూ, అడిగినది బాకీ రాకపోవడం గురించి కాదండీ. అయినా ఒక మాట. జీఎస్టీలో ఉన్న దుకాణానికి మీ పద్ధతి కుదరదు. వస్తువు అమ్మినప్పుడు పన్ను బాధ్యత బిల్లుతో వస్తుంది. పార్టీ ఒక్క రూపాయి కట్టకపోయినా ఈ 14,400 ఆ నెల రిటర్నులో చూపి తీరాలి. పుస్తకంలో అమ్మకం లేకుండా రిటర్నులో అమ్మకం ఉంటే ఆ రెండింటినీ కలపడం ఎవరి తరమూ కాదు.

గుమాస్తా వీధి

మాది కాంపోజిషన్ పథకం, బిల్లులో పన్ను వేయము. అందుకే ఆ ఇబ్బంది తెలియలేదు. కానీ చేతికి రాని డబ్బు మీద లాభం చూపడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

బీకాం చివరి ఏడాది

నాకు మూడు సందేహాలు. ఒకటి, సరుకు తీసుకున్నది గుంటూరు పార్టీ కదా, మరి రెండో పద్దులో పార్టీ పేరు ఎందుకు లేదు? రెండు, కొన్నప్పుడు మనం జీఎస్టీ కూడా కట్టాము, అది అమ్మిన సరుకు ఖరీదులో ఎందుకు కలవలేదు? మూడు, 64,000 ఎలా వచ్చింది? మా పాఠంలో మొదట వచ్చిన సరుకు మొదట పోతుందని చేయించారు. అలా వేస్తే నాకు 62,800 వస్తోంది.

ఆవర్జా

మంచి ప్రశ్నలు. మొదటిదానికి నేను ఇలా ఆలోచిస్తాను. బిల్లు మీద ఉన్నది మనకూ పార్టీకీ మధ్య లెక్క. మనం ఎంతకు కొన్నామో పార్టీకి తెలియదు, తెలియనక్కరలేదు. ఆ సంగతి మన గోదాముకూ మన లాభనష్టాల ఖాతాకూ మధ్య నడుస్తుంది. అందుకే మొదటి పద్దు అంతా అమ్మకపు ధరలో ఉంటుంది, రెండోది అంతా కొన్న ధరలో ఉంటుంది. ఈ రెండు ధరలూ ఒకే పద్దులో కలిసి కనిపిస్తే అక్కడ ఏదో తేడా ఉందని అనుమానించండి. స్టాకును 80,000 క్రెడిట్ చేసినవాళ్లను కూడా చూశాను. అలా చేస్తే ఆ బిల్లు మీద లాభం సున్నా అవుతుంది, మిగిలిన 40 ఫ్యాన్లు పుస్తకంలో 48,000కు పడిపోతాయి.

రెండోది. కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కు తీసుకుంటున్నారు కాబట్టి అది ఖరీదు కాదు, ప్రభుత్వం నుంచి మనకు రావలసినది. అందుకే స్టాకులోకి రాదు. స్టాకులోకి రానిది అమ్మిన సరుకు ఖరీదులోకీ రాదు. గుమాస్తా వీధి గారిలా కాంపోజిషన్‌లో ఉన్నవారికి ఆ క్రెడిట్ లేదు. వారికి 1,550 ఫ్యాను ఖరీదు 1,829 అవుతుంది, స్టాకు ఆ ధరకే ఉండాలి.

మూడోదానికి మీ లెక్కా సరైనదే. 30 ఫ్యాన్లు 1,550 చొప్పున 46,500, రెండో విడత నుంచి 10 ఫ్యాన్లు 1,630 చొప్పున 16,300, కలిపితే 62,800. వీరి సాఫ్ట్‌వేర్ సగటు ధర వాడింది: 1,28,000ను 80తో భాగిస్తే 1,600, నలభైకి 64,000. మన దేశపు అకౌంటింగ్ ప్రమాణం ఈ రెండు పద్ధతులనూ ఒప్పుకుంటుంది. చివర వచ్చింది మొదట పోయినట్టు లెక్కించడాన్ని మాత్రం ఒప్పుకోదు. మీ పద్ధతిలో ఈ నెల లాభం 1,200 ఎక్కువ వస్తుంది, మిగిలిన స్టాకు కూడా 1,200 ఎక్కువగా 65,200 ఉంటుంది. ఆ 40 ఫ్యాన్లూ అమ్ముడయ్యేసరికి రెండు దారులూ ఒకచోటికే వస్తాయి. ఏదో ఒకటి ఎంచుకుని ఏటా అదే కొనసాగించడం ముఖ్యం.

ట్యాలీ అభిమాని

ఆవర్జా గారూ, కొనుగోలు ఖర్చులో పడి ఉంటుందన్న సంగతి నాకు తట్టలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. పాత పద్ధతిలోనూ 16,000, కొత్త పద్ధతిలోనూ 16,000. అలాంటప్పుడు ప్రతి బిల్లుకూ ఇంకో పద్దు ఎందుకు? ట్యాలీలో ఖాతాలనూ సరుకునూ అనుసంధానం చేసి పెడితే స్టాకు ఐటముల నుంచే ముగింపు విలువ దానంతటదే వస్తుంది. రోజు లాభం కూడా చూడవచ్చు.

ఆవర్జా

అనుసంధానం ఉన్న ట్యాలీలో రెండో పద్దు వేయనక్కరలేదని మీరు చెప్పినది నిజం. అక్కడ దాన్ని చేత్తో వేస్తేనే తప్పు. నేను అనేది పద్ధతిని కలగలపవద్దనే, ఏ సాఫ్ట్‌వేర్ మంచిదన్న చర్చ కాదు.

రెండు పద్ధతులకూ లాభం ఒకటే రావడం గోదాములో పుస్తకం చెప్పినంత సరుకు ఉన్నప్పుడే. ఇదే ఉదాహరణలో నెలాఖరున లెక్కపెడితే 40 బదులు 38 ఫ్యాన్లే ఉన్నాయనుకోండి. లెక్కపెట్టిన సంఖ్యతోనే ముగింపు స్టాకు వేసే దుకాణంలో దాని విలువ 60,800, లాభం 12,800. ఆ 3,200 ఎక్కడికి పోయిందో పుస్తకం చెప్పదు. ధర తగ్గించి అమ్మారా, రెండు ఫ్యాన్లు పోయాయా, బిల్లు వేయకుండా ఎవరికైనా ఇచ్చారా, అన్నీ ఒకే అంకెలో కలిసిపోతాయి. అమ్మిన ప్రతిసారీ స్టాకు తగ్గిస్తూ వచ్చిన పుస్తకంలో 64,000 నిల్వ ఉంటుంది. లెక్కపెట్టినది 60,800. అప్పుడు తేడాను దాని పేరుతోనే రాస్తారు:

స్టాకు తరుగు ఖాతా డెబిట్ 3,200
— స్టాకు ఖాతాకు 3,200

బిల్లు మీద వచ్చిన లాభం 16,000 అలాగే ఉంటుంది, తరుగు కింద 3,200 విడిగా కనిపిస్తుంది. పోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను తిరిగి కట్టాలి, సగటు ధరకు వేస్తే అది 576. తరుగు విడిగా కనిపించని పుస్తకంలో ఈ 576 ఎవరికీ గుర్తుకు రాదు.

ట్యాలీ అభిమాని

ట్యాలీలో కూడా భౌతిక నిల్వ వోచరు వేస్తే సంఖ్య తేడా తెలుస్తుంది. విలువ విడి ఖాతాలో కనిపించదన్నది మాత్రం నిజం. చిన్న దుకాణానికి అంత అవసరమా అన్నదానిలో మీతో నేను ఏకీభవించలేను. బల్బులు, హోల్డర్లు అమ్మే కొట్టులో వస్తువువారీగా ధర నిలబెట్టడానికే ఒక మనిషి కావాలి.

ఖమ్మం టైల్స్

ఇక్కడే నా బాధ కూడా చెప్పుకుంటాను. మాకు టైల్స్ గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీలో వస్తాయి. ఫ్యాక్టరీ బిల్లు సరుకుతోనే వస్తుంది. లారీ కిరాయి, దించిన కూలి లెక్క తేలేది తర్వాత. ఈలోగా సగం సరుకు అమ్ముడవుతుంది. అమ్మిన రోజున రెండో పద్దు ఫ్యాక్టరీ ధరకే పడుతుంది. తర్వాత కిరాయి బిల్లు వచ్చినప్పుడు దాన్ని ఏ ఖాతాకు వేయాలి? మా గుమాస్తా అంతా రవాణా ఖర్చులో వేస్తున్నాడు. బిల్లువారీ లాభం బాగా కనిపిస్తుంది, నెల చివర మాత్రం చేతిలో అంత మిగలదు.

ఆవర్జా

సరుకును గోదాముకు చేర్చడానికి అయిన కిరాయి సరుకు ఖరీదులో భాగమే. టైల్స్‌లో అది చిన్న మొత్తం కాదు కాబట్టి ఖర్చులో వేసేస్తే మీరన్నట్టే అవుతుంది. ప్రతి బిల్లూ ఎక్కువ లాభం చూపుతుంది, ఆ అంకె చూసి ధర తగ్గించి అమ్మే ప్రమాదం ఉంది.

ఫ్యాన్ల లెక్కతోనే చెబుతాను. 80 ఫ్యాన్లకు కిరాయి 1,600 అని ఆలస్యంగా తెలిసిందనుకోండి, అంటే ఫ్యానుకు 20. అప్పటికి 40 అమ్ముడయ్యాయి. 800 స్టాకు ఖాతాకు, 800 అమ్మిన సరుకు ఖరీదుకు డెబిట్ చేసి, మొత్తం 1,600 లారీ యజమానికి క్రెడిట్ చేయాలి. అమ్ముడైనదాని వాటాను స్టాకులో ఉంచితే మిగిలిన 40 ఫ్యాన్ల మీద లేని ఖరీదు ఎక్కుతుంది. ఇంతకంటే మంచి దారి సరుకు దిగిన రోజునే మామూలుగా అయ్యే కిరాయిని అంచనా వేసి స్టాకులో కలిపి, "చెల్లించవలసిన కిరాయి" అని క్రెడిట్ పెట్టుకోవడం. బిల్లు వచ్చాక తేడా మాత్రమే సర్దితే చాలు.

ఖమ్మం టైల్స్

కిరాయి బాగుంది. దారిలో పగిలినవి? లారీకి కొన్ని పెట్టెలు ఎప్పుడూ పగులుతాయి.

ఆవర్జా

ఎప్పుడూ పగిలేన్ని పగిలితే మిగిలిన పెట్టెల ధరలో కలపండి. ఒక లారీ బోల్తా పడి సగం పోతే అది నష్టం, స్టాకు మీద రుద్దకూడదు. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది మీ గత లారీల లెక్క చూసి మీరూ మీ ఆడిటరూ తేల్చుకోవలసిందే.

బందరు రోడ్డు

ఆవర్జా గారూ, కొనుగోలు బిల్లు తెరిచి చూశాను. మీరన్నట్టే కొనుగోళ్ల ఖాతాకు వేసి ఉంది. పాత పేర్లన్నీ అలాగే తెచ్చి పెట్టారట. సరిదిద్దే పద్దు వేశాక లాభం 16,000, స్టాకు 64,000 డెబిట్ వచ్చాయి. మిగతా మోడళ్లకు కూడా చూస్తున్నాము. ప్రారంభ స్టాకు మాత్రం సరిగానే వచ్చింది.

ఈలోగా ఇంకొకటి వచ్చింది. గుంటూరు పార్టీ 4 ఫ్యాన్లు తిప్పి పంపింది. మూడు కొత్తవాటిలాగే ఉన్నాయి, ఒకదాని రెక్కలు వంగాయి. ఆ ఒక్కటి తగ్గింపు ధరకు 900కు పోతుందేమో అంటున్నారు మా యజమాని. క్రెడిట్ నోటు వేస్తే సరిపోతుందా?

బీకాం చివరి ఏడాది

నేను ప్రయత్నిస్తాను, ఆవర్జా గారు సరిచూడాలి. అమ్మకపు వాపసులు డెబిట్ 8,000, సీజీఎస్టీ డెబిట్ 720, ఎస్‌జీఎస్టీ డెబిట్ 720, గుంటూరు పార్టీ ఖాతాకు 9,440. రెండో పద్దు తిరగేస్తే స్టాకు డెబిట్ 6,400, అమ్మిన సరుకు ఖరీదు ఖాతాకు 6,400. పాడైన ఫ్యానును స్టాకులోకి తీసుకోకూడదు కాబట్టి మూడింటికే, అంటే 4,800 వేయాలనుకుంటున్నాను.

ఆవర్జా

మొదటి పద్దు పూర్తిగా సరే. రెండోదానిలో నాలుగింటికీ 6,400 వేయండి. నాలుగు ఫ్యాన్లూ మన గోదాములోకి వచ్చాయి, నాలుగింటి అమ్మకమూ రద్దయింది. 4,800 మాత్రమే వేస్తే అమ్మకం లేని ఒక ఫ్యాను ఖరీదు అమ్మిన సరుకు ఖరీదులో మిగిలిపోతుంది, రెక్కలు వంగిన ఫ్యాను పుస్తకంలో ఎక్కడా కనిపించదు. రేపు దాన్ని 900కు అమ్మితే ఆ 900 అంతా లాభంలా వస్తుంది. నాలుగింటినీ లోపలికి తీసుకుని, ఆ ఒక్కదాని విలువ తగ్గించండి:

స్టాకు విలువ తగ్గింపు ఖాతా డెబిట్ 700
— స్టాకు ఖాతాకు 700

ఇప్పుడు స్టాకులో 44 ఫ్యాన్లు, విలువ 69,700. నికర అమ్మకం 72,000, అమ్మిన సరుకు ఖరీదు 57,600, తగ్గింపు 700. మిగిలేది 13,700. కొన్న 1,28,000లోంచి 69,700 తీసివేసి చూసినా అదే లాభం రావాలి, వస్తుంది.

ఇంకొక సంగతి. వాపసు సరుకు తిరిగి స్టాకులోకి వచ్చేది అమ్మిన రోజున పోయిన ధరకే, ఈ రోజు సగటు ధరకు కాదు. ఈలోగా కొత్త విడత 1,700కు వచ్చి ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ కొత్త సగటు వేసేస్తాయి. క్రెడిట్ నోటును అసలు బిల్లుకు జతచేసి వేస్తే సాధారణంగా ఆ తేడా రాదు. పన్ను తగ్గించుకోవాలంటే గుంటూరు పార్టీ కూడా తన ఇన్‌పుట్ క్రెడిట్‌ను ఆ మేరకు వెనక్కు ఇచ్చి ఉండాలి, ఆ మాట వారితో చెప్పండి.

ఆడిట్ విద్యార్థిని

ఇంత మాట్లాడారు గానీ రెండో పద్దు ఏ తేదీన పడాలన్నది ఎవరూ అడగలేదు. మేము దుకాణాలకు వెళ్లినప్పుడు మొదట చూసేది అదే. మార్చి 31న బిల్లు వేస్తారు, సరుకు ఏప్రిల్ 2న కదులుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో అమ్మకం బిల్లుతో, స్టాకు తగ్గింపు డెలివరీ చలానాతో పడతాయి. అప్పుడు అమ్మకం ఒక ఏడాదిలో, దాని ఖరీదు ఇంకో ఏడాదిలో పడుతుంది. ఈ బిల్లే అలా పడిందనుకోండి, పాత ఏడాదికి 80,000 లాభంలా కనిపిస్తుంది, కొత్త ఏడాది 64,000 నష్టంతో మొదలవుతుంది. మార్చి చివరి బిల్లులను, ఏప్రిల్ మొదటి చలానాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇట్టే తెలుస్తుంది.

ట్యాలీ అభిమాని

బిల్లు తేదీనే రెండూ పడాలి. బిల్లు వేశామంటే అమ్మినట్టే. రిటర్నులో కూడా ఆ నెలలోనే చూపుతాము కదా.

ఆడిట్ విద్యార్థిని

రిటర్ను సంగతి వేరండీ. జీఎస్టీలో సరుకు కదలడానికి ముందే, లేదా కదిలే సమయానికి బిల్లు ఉండాలి. కాబట్టి బిల్లు ముందు రావడం సహజం. పుస్తకంలో అమ్మకం రాయవలసింది సరుకు మీద లాభనష్టాల బాధ్యత కొన్నవారికి మారినప్పుడు. సరుకు ఇంకా మన గోదాములోనే, మన బాధ్యతలోనే ఉంటే అమ్మకమూ లేదు, స్టాకు తగ్గింపూ లేదు. రెండూ కలిసి ఏప్రిల్‌కు వెళ్లాలి.

ఆవర్జా

రెండూ ఒకే ఏడాదిలో పడాలన్నది మొదటి నియమం, అందులో మీతో ఉన్నాను. లారీ మార్చి 31 రాత్రి బయలుదేరి ఏప్రిల్ 1న దిగితే ఏ ఏడాదన్నది మాత్రం బిల్లు మీద రాసిన షరతును బట్టి ఉంటుంది. మన గుమ్మం దాటగానే వారి బాధ్యత అంటే పాత ఏడాది. వారి గుమ్మంలో దించేదాకా మనదే అంటే కొత్త ఏడాది, ఆ రాత్రి లారీలో ఉన్నది మన స్టాకే.

బందరు రోడ్డు

మా బిల్లు మీద అలాంటి షరతు ఏదీ లేదు. లారీ ఎక్కాక మనకు సంబంధం లేదని మా యజమాని అంటారు. ఈ వంగిన రెక్కల ఫ్యాను దారిలోనే పాడైందని గుంటూరు పార్టీ అంటే మాత్రం వాదించకుండా వెనక్కు తీసుకున్నాము. ఇలాంటప్పుడు బాధ్యత ఎక్కడ మారినట్టు?

ఆడిట్ విద్యార్థిని

షరతు రాసి లేనప్పుడు మేము నడవడిక చూస్తాము. దారిలో పాడైనవాటిని గతంలో ఎవరు భరించారు, లారీ కిరాయి ఎవరు కట్టారు, బీమా ఎవరి పేరున ఉంది అని అడుగుతాము. మీరు ఎప్పుడూ ఇలాగే వెనక్కు తీసుకుంటూ వస్తే, దించేదాకా మీదే అని మా ఆడిటర్ అంటారు. మరొకరు ఒప్పుకోకపోవచ్చు. గత ఏడాది వాపసుల క్రెడిట్ నోట్లు తీసి, ఏవి దారిలో పాడైనవో వేరు చేసి చూడండి. బిల్లు మీద షరతు అచ్చు వేయించడం మార్చి లోపే చేస్తే వచ్చే సంవత్సరాంతానికి ఈ ప్రశ్న రాదు.

ట్యాలీ అభిమాని

షరతు అచ్చు వేయించినా పార్టీ పోతుందన్న భయంతో వెనక్కు తీసుకునేవాళ్లే ఎక్కువ. అప్పుడు కాగితం చూస్తారా, నడవడిక చూస్తారా?

ఆడిట్ విద్యార్థిని

అదే మా కార్యాలయంలోనూ ప్రతి ఏప్రిల్‌లో జరిగే వాదన. నేను నడవడిక వైపే ఉంటాను, మా సీనియర్ కాగితం వైపు ఉంటారు.